ముఖం మీద ఫోను నీడ: పొలం ఫోటోల్లో ఎందుకు పడుతుంది, పడితే ఏం చేయాలి

బియ్యం, బెల్లం, పప్పులు నేరుగా అమ్ముకుంటున్న మన రైతులు పంపే ఫోటోల్లో ఒక విషయం పదే పదే కనిపిస్తోంది. పైరు బ్రహ్మాండంగా వస్తుంది, వెనక ఆకాశం బాగుంటుంది, కానీ రైతు ముఖం మీద మాత్రం నల్లటి పలక లాంటిది అడ్డంగా పడి ఉంటుంది. ఒక కన్ను వెలుగులో, ఒక కన్ను చీకట్లో. అది ఆయన తలపాగా నీడ కాదు, చెట్టు నీడ కూడా కాదు. ఫోటో తీసినవాళ్ళ ఫోను, చెయ్యి, తల, వీటి నీడ అది.

గ్రూపులో పెట్టే ఫోటో అయితే చూసి వదిలేస్తాం. ప్యాకెట్ మీద లేబుల్‌కి వాడే ఫోటో అయితే అలా వదలలేం. మన దగ్గర కొనేవాళ్ళు ప్యాకెట్ తిప్పి ముందు చూసేది ఎవరు పండించారని. అక్కడ ముఖమే సరిగ్గా కనపడకపోతే ఫోటో వేసి లాభం లేదు.

పై వీడియోలో పొలంలోనే ఒక కర్ర పాతి నీడ ఎలా నడుస్తుందో చూపించాను. వీడియోలో లెక్క తొందరగా చెప్పేశానని చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

అసలు నీడ ముఖం దాకా ఎందుకు వస్తుంది

"సూర్యుడు నీ వీపు వెనక ఉండేలా చూసుకుని ఫోటో తియ్యి" అని అందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ముఖం మీద వెలుగు పడాలన్న ఉద్దేశంతో చెప్పిన మాట అది, తప్పేమీ కాదు. కానీ సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉంటే మన నీడ సరిగ్గా మన ముందుకే పడుతుంది. మన ముందు ఉన్నది ఆ రైతే కదా.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇద్దరూ నిలబడి ఉంటే మన తల, ఆయన తల ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. నీడ ముందుకి పోయేకొద్దీ కిందకి దిగుతుంది కాబట్టి ఆయన ఛాతీ మీదో, పంచె మీదో పడుతుంది, ముఖం మీద పడదు. అదే ఆయన నారుమడి దగ్గర గొంతుక్కూర్చుని ఉంటే, లేదా గట్టు మీద కూర్చుని విత్తనాలు చూపిస్తుంటే, ఆయన ముఖం కిందకి దిగుతుంది. మనమేమో నిలబడే ఉంటాం. అప్పుడు మన నీడ దిగే దారిలోకి ఆయన ముఖం వచ్చేస్తుంది. నాకు వచ్చిన నీడ ఫోటోల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, రైతు కూర్చుని, తీసేవాళ్ళు నిలబడి ఉన్నవే.

లెక్క చాలా తేలిక. చెట్టు ఎత్తుని నీడతో కొలిచే పద్ధతి బళ్ళో చదువుకున్నాం కదా, అదే ఇది. ముందు ఒక కర్రని నిటారుగా నిలబెట్టి, దాని నీడ కర్రకి ఎన్ని రెట్లు ఉందో చూడండి. మన ప్రాంతంలో చలికాలం ఉదయం తొమ్మిది గంటలప్పుడు, ఎండాకాలంలో ఎనిమిదికి కాస్త ముందు, నీడ దాదాపు రెండింతలు ఉంటుంది. ఇప్పుడు మీ తల ఎత్తులోంచి కూర్చున్నాయన ముఖం ఎత్తు తీసేయండి. మీరు ఐదున్నర అడుగులు, గొంతుక్కూర్చున్నాయన ముఖం నేల నుంచి రెండున్నర అడుగులు అనుకుందాం. తేడా మూడు అడుగులు. దాన్ని రెండుతో గుణిస్తే ఆరు అడుగులు. అంటే సూర్యుడు మీ వెనక ఉన్నప్పుడు, ఆరు అడుగుల దూరంలో మీ తల నీడ సరిగ్గా ఆయన ముఖం ఎత్తులో ఉంటుంది. ఇంకా దగ్గరికి వెళ్తే మీ తల నీడ ఆయన్ని దాటిపోయి, మీ ఛాతీ నీడ ముఖం మీదకి వస్తుంది. ఆరు అడుగులు దాటి వెనక్కి వస్తే ముఖం బయటపడుతుంది.

మనలో చాలామంది పైరు కూడా ఫ్రేములో రావాలని ఫోనుని తల పైకి ఎత్తి పట్టుకుంటారు. అలా ఫోను ఆరున్నర అడుగుల ఎత్తుకి వెళ్ళిందనుకోండి. తేడా నాలుగు అడుగులు, రెండింతలు ఎనిమిది. ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడి కూడా ఫోను నీడ, దాన్ని పట్టుకున్న రెండు చేతుల నీడ ముఖం మీద పడతాయి. ముఖం మీద పలకలా, అంచులు తిన్నగా ఉండే నీడ వచ్చిందంటే అది ఫోనుదే. గుండ్రంగా, పెద్దగా ఉంటే తలది.

మధ్యాహ్నం ఈ బాధ తక్కువ. నీడ కర్రలో మూడో వంతు ఉన్నప్పుడు అదే లెక్క వేస్తే ఒక అడుగే వస్తుంది. అంత దగ్గరికి వెళ్ళి ముఖం ఫోటో ఎవరూ తీయరు. కానీ మధ్యాహ్నం ఎండకి కనుబొమ్మల కింద గుంటల్లో, ముక్కు కింద నల్లగా వస్తుంది. అది ఆయన సొంత నీడ. దానికి ఈ మందు పనిచేయదు, ముఖమే నీడలోకి తీసుకెళ్ళాలి.

ఆ నీడ ఎవరిదో అనుమానంగా ఉంటే ఫోనుని అటూ ఇటూ ఒక జానెడు కదపండి. ముఖం మీద అంచు కూడా కదిలితే మీదే. కదలకపోతే తలపాగాదో, కొమ్మదో, పక్కన నిలబడి చూస్తున్న ఇంకెవరిదో. మన ఊళ్ళల్లో ఫోటో తీస్తుంటే వెనక నలుగురు చేరతారు కదా, ఆ నాలుగో మనిషి నీడ చాలాసార్లు ఫోటోలో ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు.

తీసేటప్పుడే తప్పించడం

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, మీరు కూడా కూర్చోండి. రైతు గొంతుక్కూర్చుంటే మీరూ గొంతుక్కూర్చుని ఫోను ఆయన కళ్ళ ఎత్తులో పెట్టండి. ఎత్తుల తేడా అర అడుగుకి పడిపోతుంది, నీడ రెండింతలు ఉన్నా అడుగు దూరం దాటదు. ఫోటో కూడా బాగుంటుంది, ఎందుకంటే పైనుంచి తీసిన ఫోటోలో మనిషి చిన్నగా, తల పెద్దగా కనిపిస్తాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బోర్లించిన క్రేటు మీద కూర్చున్నా సరిపోతుంది.

కూర్చోవడం కుదరకపోతే పక్కకి జరగండి. మనిషి భుజాల వెడల్పు అడుగున్నర. ఆరు అడుగుల దూరంలో ఉంటే మూడు అడుగులు పక్కకి వేస్తే మీ నీడ ఆయన భుజం పక్కగా పోయి నేల మీద పడుతుంది. మీ నీడ మీకు కనపడుతూనే ఉంటుంది కాబట్టి దీనికి లెక్కలేమీ అక్కర్లేదు. ఆయన పక్కన ఖాళీ నేల మీద నీడ పడేదాకా జరగండి. ఇలా జరిగినప్పుడు ఎండ ఆయన ముఖానికి ఏటవాలుగా తగులుతుంది. ఒక చెంప వెలుగులో, రెండో చెంప కొంచెం మసకలో వస్తుంది. అది బాగుంటుంది. ముఖానికి ఆకారం తెలుస్తుంది. పైగా సూర్యుడు సరిగ్గా కళ్ళల్లో పడడు కాబట్టి ఆయన కళ్ళు చికిలించడు. ఎదురెండలో తీసిన ఫోటోల్లో మన పెద్దవాళ్ళందరూ కోపంగా ఉన్నట్టు కనిపించేది ఆ చికిలింపు వల్లే.

మూడో దారి వెనక్కి రావడం. పది అడుగుల వెనక్కి వచ్చి 2x నొక్కండి. రెండో లెన్సు లేని ఫోన్లో 2x అంటే మధ్య భాగాన్ని కత్తిరించి ఇవ్వడమే, నాణ్యత కొంత తగ్గుతుంది. కానీ 4000×3000 చుక్కల ఫోటోలో సగం కత్తిరించినా 2000×1500 మిగులుతుంది. లేబుల్ మీద రెండంగుళాల ముఖానికి అది చాలినంత కన్నా ఎక్కువే. ఇంకో లాభం, దగ్గరగా వెళ్ళి మామూలు లెన్సుతో తీస్తే ముక్కు లావుగా వస్తుంది. దూరం నుంచి తీస్తే అలా రాదు.

ఇవేవీ కుదరని చోటు ఒకటుంది. రెండు సాళ్ళ మధ్య ఇరుకు, పక్కకి జరిగితే మొక్కలు తొక్కుతాం, వెనక్కి పోతే కాలవ. అప్పుడు మీరిద్దరూ చోట్లు మార్చుకోండి. సూర్యుడు ఆయన వీపు వెనక ఉండాలి. ఇక మీ నీడ మీ వెనక్కి పోతుంది. కానీ ఆయన ముఖం మొత్తం నల్లగా వస్తుంది. దానికి తెల్ల పంచె నాలుగు మడతలు వేసి, లేదా థర్మోకోల్ షీటు తెచ్చి, ఆయన ముఖానికి రెండు మూడు అడుగుల దూరంలో, ఫ్రేముకి కింద, ఎండ దాని మీద పడి ముఖం మీదకి కొట్టేలా ఒకరిని పట్టుకోమనండి. ఫోన్లో ముఖం మీద వేలు నొక్కి ఉంచితే వెలుగు అక్కడ స్థిరపడుతుంది. ఐఫోన్లో పైన AE/AF LOCK అని వస్తుంది, మిగతా ఫోన్లలో చాలావాటిలో తాళం గుర్తు వస్తుంది. ఇక్కడ నీలం టార్పాలిన్, ఆకుపచ్చ షేడ్‌నెట్ మాత్రం వాడొద్దు. ఏ రంగు గుడ్డ పట్టుకుంటే ముఖానికి ఆ రంగు వస్తుంది. షేడ్‌నెట్ కింద తీసిన ఫోటోల్లో మనుషులు జబ్బు పడినట్టు కనిపించేది కూడా ఇందుకే.

చెట్టు నీడలో తీయాలనుకుంటే చింత కిందో మామిడి కిందో నీడ అంచుకి రెండడుగులు లోపల కూర్చోబెట్టి, ముఖం బయట ఆకాశం వైపు తిప్పించండి. సొర పందిరి కింద మాత్రం వద్దు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది. మన ఫోను నీడ కన్నా అది ఘోరం.

తీసేశాక సరిచేయాల్సి వస్తే

మళ్ళీ తీసే వీలుంటే మళ్ళీ తీయడమే మంచిది. పది నిమిషాల పని. కానీ ఒక్కోసారి వీలుండదు. ఈ మధ్య నాకు తెలిసిన ఒక రైతు దేశవాళీ బియ్యం ప్యాకెట్‌కి లేబుల్ వేయిస్తున్నాడు. ఆ విత్తనం ఇన్నేళ్ళుగా కాపాడింది వాళ్ళ నాన్నగారు కాబట్టి లేబుల్ మీద ఆయన ముఖమే ఉండాలని పట్టు. లేబుల్ మర్నాడు ప్రెస్సుకి పోవాలి, నాన్నగారేమో కూతురింటికి వెళ్ళి ఉన్నారు, సంక్రాంతి దాటితే గానీ రారు. ఉన్నది ఒక్కటే మంచి ఫోటో. వరి కంకి చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చుని నవ్వుతున్నారు. నుదుటి మీద నుంచి ఎడమ కన్ను, చెంప సగం దాకా ఫోను నీడ.

"అన్నా, ఇది బాగవుతుందా, లేకపోతే బొమ్మ లేకుండా వేయించెయ్యనా?" అని ఫోన్ చేశాడు. ముందు అసలు ఫోటో పంపమన్నాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. నీడ భాగంలో ఉన్న కాస్త వివరం మొదట పోయేది అక్కడే. అందుకని Document గా పంపమని చెప్పాను.

వచ్చాక మొదట చూడాల్సింది ఒక్కటే. నీడలో ఉన్న కంటి దగ్గర బాగా పెద్దది చేసి చూడండి. రెప్ప గీత, కనుబొమ్మ వెంట్రుకలు, చర్మం ముడతలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఆ ఫోటో బతుకుతుంది. ఒకే ముద్దగా నల్లగా ఉంటే అక్కడ వెలికి తీయడానికి ఏమీ లేదు, ఎంత వెలుగు పెంచినా బూడిద రంగు ముద్దే వస్తుంది. ఈయన ఫోటోలో రెప్ప గీత కనపడింది. తెల్లటి అంగీ మీద, నేల మీద పడ్డ ఎండ తిరిగి ముఖానికి కొట్టడం వల్ల నీడ మరీ చిక్కగా లేదు.

నేను వాడేది స్నాప్‌సీడ్, డబ్బులు కట్టక్కర్లేదు. చాలామంది ఇక్కడ చేసే పని, Tune Image లోకి వెళ్ళి Shadows మొత్తం పెంచేయడం. అలా చేస్తే ముఖం మీద నీడతో పాటు మీసం, జుట్టు, వెనకున్న పైరు నీడలు అన్నీ తేలిపోతాయి. ఫోటో మొత్తం వెలిసిపోయిన గుడ్డలా అవుతుంది, ముఖం మీద గీత మాత్రం అలాగే ఉంటుంది. మనకి కావాల్సింది ఒక్కచోట వెలుగు పెంచడం.

దానికి Tools లో Brush తెరిచి, కింద Exposure ఎంచుకుని, విలువ 0.3 పెట్టుకోండి. ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేయండి. ఎంత పెద్దది చేస్తే కుంచె అంత సన్నబడుతుంది. నీడ భాగం లోపల మాత్రం, అంచుకి కొంచెం ఇవతలే ఆగుతూ పూయండి. టిక్ కొట్టండి. మళ్ళీ Brush తెరిచి ఇంకో విడత పూయండి. ఒకేసారి పెద్ద విలువ పెట్టి పూస్తే ఎక్కడ ఎక్కువైందో తెలియదు, విడతలుగా వేస్తే వెనక్కి రావడం తేలిక. జీవామృతం కూడా ఒకేసారి కుమ్మరించం కదా, అలాగే. ఎక్కువైన చోట విలువని 0 కి తెచ్చి రుద్దితే ఆ విడతలో వేసింది చెరిగిపోతుంది. ఈ ఫోటోకి మూడు విడతలు పట్టింది.

ఎంతవరకు పెంచాలి అంటే, వెలుగులో ఉన్న చెంపతో సమానం చేయొద్దు. బాగా ఎండగా ఉన్న రోజు నేరుగా ఎండ పడిన చోటికీ, నీడ ఉన్న చోటికీ వెలుగు ఐదు నుంచి పది రెట్లు తేడా ఉంటుంది. అంత తేడాని ఫోను ఫోటోలో పూర్తిగా పూడ్చబోతే చర్మం మీద రవ్వ తేలుతుంది, మచ్చలు మచ్చలుగా అవుతుంది. ముప్పావు వంతు పెంచి ఆపేస్తే, ఎండ పక్కనుంచి తగిలిన ముఖంలా సహజంగా ఉంటుంది. కళ్ళు రెండూ కనిపిస్తే చాలు.

వెలుగు పెంచాక ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆ భాగం రంగు వేరేగా ఉంటుంది, కొంచెం నీలంగా, మన పైరు మధ్యలో అయితే కాస్త పచ్చగా కూడా. నీడలో ఉన్న చోటికి నేరుగా ఎండ రాదు, పైన నీలి ఆకాశం నుంచి, పక్కనున్న ఆకుల నుంచి తిరిగొచ్చిన వెలుగే వస్తుంది. నల్లగా ఉన్నప్పుడు అది తెలియదు, వెలుగు పెంచగానే బయటపడుతుంది. చాలామంది ఇక్కడ ఇంకా వెలుగు పెంచుతూ పోతారు, ఎంత పెంచినా అతికించినట్టే ఉంటుంది. కావాల్సింది వెలుగు కాదు, వెచ్చదనం. అదే Brush లో Temperature ఎంచుకుని 5 పెట్టి, ఆ భాగం మీద ఒక్కసారి పూయండి. పెద్దాయన చెంప రంగు దీంతోనే మనిషి రంగులోకి వచ్చింది.

ఇక మిగిలేది అంచు. ఓపిక అంతా కావాల్సింది ఇక్కడే. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. సూర్యుడు చుక్క కాదు, పళ్ళెం లాంటివాడు కాబట్టి అంచు దగ్గర సగం వెలుగు ఉన్న చార ఒకటి ఉంటుంది. ఫోను ముఖానికి మూడు అడుగుల దూరంలో ఉంటే ఆ చార సుమారు అంగుళంలో మూడో వంతు, ఆరు అడుగుల దూరంలో ఉంటే దానికి రెట్టింపు. మనం నీడ లోపల వెలుగు పెంచాక ఆ చార మీదుగా నల్లటి గీత మిగిలిపోతుంది. కుంచె చార మీదకి ఎక్కువ పోతే తెల్లటి గీత వస్తుంది. బాగా పెద్దది చేసుకుని, 0.3 తోనే, గీత వెంట చిన్న చిన్న అద్దుళ్ళుగా సరిచేయాలి. నున్నగా ఉన్న చెంప మీద సన్నటి గీత మిగిలితే Healing తో అద్దొచ్చు. అది పక్క చర్మాన్ని తెచ్చి అక్కడ కప్పుతుంది. కంటి దగ్గర, మీసం దగ్గర, ముడతల దగ్గర Healing పెట్టొద్దు. కనురెప్ప సగం మాయమవుతుంది, లేదా ముడతలు తుడిచిపెట్టుకుపోయి అరవై ఏళ్ళాయన ముఖంలో ఒక చెంప మాత్రం ఇరవై ఏళ్ళది అవుతుంది. ఈ ఫోటోలో అంచు నుదుటి ముడతల మీదుగా పోయింది. అక్కడ కుంచెతోనే లాగించాం, కొంచెం గీత ఉండిపోయినా వదిలేశాం.

కొందరు బాగున్న సగం ముఖాన్ని తిప్పి రెండో సగం మీద అతికిస్తారు. అది చేయకండి. ఏ మనిషి ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. పుట్టుమచ్చ అటు పోతుంది, మూతి వంకర పోతుంది. కొనేవాళ్ళకి తెలియకపోవచ్చు, ఇంట్లోవాళ్ళు మాత్రం చూడగానే "ఈయనెవరు?" అంటారు.

పని అయ్యాక ఫోను స్క్రీన్ నిండా చూసి తృప్తి పడొద్దు. లేబుల్ మీద ఎంత సైజులో వస్తుందో అంత చిన్నది చేసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. దగ్గరగా కనపడిన చిన్న గీతలు అక్కడ కనపడవు, కానీ రంగు తేడా ఉంటే అక్కడే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత ఆ మనిషిని రోజూ చూసేవాళ్ళకి, ఏం చేశామో చెప్పకుండా చూపించండి. మావాడు వాళ్ళ అమ్మగారికి చూపించాడు. ఆవిడ ఫోటో చూసి "కంకి చాలా సన్నంగా ఉందేంట్రా, పోయినేడాదిదా?" అని అడిగిందట. ముఖం గురించి ఏమీ అనలేదు. అదే మనకి కావాల్సింది.

రంగు ఎంతకీ కలవకపోతే ఇంకో దారి ఉంది. స్నాప్‌సీడ్‌లోనే Black & White నొక్కి నలుపు తెలుపులోకి మార్చేయండి. నీలం, పచ్చ తేడా పూర్తిగా పోతుంది, మిగిలేది వెలుగు తేడా ఒక్కటే, దాన్ని సర్దడం సగం కష్టం. ఒకే రంగు సిరాతో లేబుల్ వేయించేవాళ్ళకి ఇది ఎలాగూ పనికొస్తుంది. ముఖంలో నీడ నుదుటి వరకే ఉంటే తలపాగా కిందనుంచి కత్తిరించి వాడుకోవచ్చు. నీడ అంచు సరిగ్గా కనుపాప మీదుగా పోయి, పైగా లోపల నల్లముద్దగా ఉంటే మాత్రం ఆ ఫోటో వదిలేయండి. వరి కంకి పట్టుకున్న చేతులు మాత్రం కత్తిరించి వేసుకున్నా నీడ ముఖం కన్నా బాగుంటుంది.

వీడియోలో పడితే

ఫోటోలో చేసిన ఈ కుంచె పని వీడియోలో కుదరదు. మనిషి తల కదులుతుంది, మన చెయ్యి కదులుతుంది, నీడ అంచు ముఖం మీద క్షణక్షణం చోటు మారుతుంది. అంత సేపు కూర్చుని ఒక్కో ఫ్రేమూ దిద్దడం మన వల్ల అయ్యే పని కాదు. దాని బదులు, నీడ పడిన ముక్క వరకు రైతు మాట అలాగే ఉంచి, బొమ్మ స్థానంలో అదే పొలంలో తీసిన వేరే షాట్లు వేయండి. ఆయన కషాయం గురించి చెబుతుంటే డ్రమ్ము, ఆకులు, పిచికారీ. దీనికోసం ఎక్కడికి వెళ్ళినా మాట్లాడించడం అయ్యాక ఐదు నిమిషాలు ఊరికే పొలం, చేతులు, పనిముట్లు తీసి పెట్టుకోవడం నాకు అలవాటు.

వీడియో నుంచి లేబుల్‌కి ఫోటో కావాలంటే మొత్తం నిదానంగా జరిపి చూడండి. ఫోను ఎత్తినప్పుడు పడిన నీడ, చెయ్యి కొంచెం దించినప్పుడు ముఖం మీదనుంచి తప్పుకుని ఉంటుంది. అలాంటి ఒక్క ఫ్రేము దొరికితే స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. 1080 వీడియోలో ఫ్రేము 1920×1080 మాత్రమే కాబట్టి ముఖం ఫ్రేములో కనీసం సగం ఎత్తు ఉంటేనే రెండంగుళాల ముద్రణకి సరిపోతుంది.

పాకలో, పశువుల కొట్టంలో రాత్రిపూట తీసేటప్పుడు సూర్యుడికి బదులు మీ వెనకున్న ఒక్క బల్బు అదే పని చేస్తుంది. తేడా ఏంటంటే బల్బు దగ్గరగా ఉంటుంది కాబట్టి మీ నీడ మీకన్నా చాలా పెద్దగా పడుతుంది. మూడు అడుగులు పక్కకి జరిగితే చాలదు. అక్కడ మీరు జరగడం కన్నా బల్బుని జరపడం తేలిక. వైరు చాలకపోతే రెండో ఫోను టార్చిని తెల్ల గోడ మీదకి కొట్టించండి. గోడ మీంచి తిరిగొచ్చే వెలుగు ఎక్కువ ఉండదు, కానీ మెత్తగా ముఖమంతా పరుచుకుంటుంది, మీ నీడ అంచు కనపడదు.